చందా సొమ్ము ఆదాయమా, బాధ్యతా? పత్రికల ముందస్తు వసూళ్ల లెక్కింపు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాఠకుడు ఏడాది చందా ఒకేసారి చెల్లించినప్పుడు ఆ సొమ్ము పత్రిక చేతికి వస్తుంది. కానీ గణకశాస్త్రం దానిని ఆ రోజు ఆదాయంగా అంగీకరించదు. బాధ్యతగా నమోదు చేయమంటుంది. ఒక మాసపత్రిక వార్షిక చందాను ఉదాహరణగా తీసుకొని, ఈ నియమానికి గల కారణాన్ని, లెక్క వేసే పద్ధతిని, సాధారణంగా జరిగే పొరపాట్లను, జీవిత చందాల విషయంలో ఎదురయ్యే చిక్కును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: చందా, ముందస్తు వసూలు, ఆదాయం, బాధ్యత, ఆస్తి అప్పుల పట్టీ, జీవిత చందా.

1. ఉపోద్ఘాతం

తెలుగు వాణిజ్యశాస్త్ర పాఠ్యగ్రంథాలలో ‘ముందుగా వచ్చిన ఆదాయం’ అనే పద్దు కనిపిస్తుంది. దానిని ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు చూపాలని ఆ గ్రంథాలు చెబుతాయి. మొదటిసారి చదివే విద్యార్థికి ఇక్కడే సందేహం కలుగుతుంది. పేరులో ఆదాయం ఉన్నది అప్పుల వైపు ఎందుకు చేరింది? వచ్చిన డబ్బు మనదే అయినప్పుడు అది అప్పు ఎలా అవుతుంది?

ఈ సందేహానికి కొంత కారణం ఆ పేరులోనే ఉంది. ముందుగా వచ్చినది ఆదాయం కాదు, సొమ్ము మాత్రమే. సొమ్ము చేతికి రావడం ‘వసూలు’. ఆ సొమ్ముకు ప్రతిఫలంగా ఇవ్వవలసినది ఇచ్చిన తరువాత మిగిలే హక్కు ‘ఆదాయం’. ఈ రెండూ చాలా సందర్భాలలో ఒకే క్షణంలో జరుగుతాయి. కిరాణా కొట్టులో డబ్బిచ్చి ఉప్పు ప్యాకెట్టు తీసుకున్నప్పుడు వసూలుకూ ఆదాయానికీ మధ్య ఎడం ఉండదు. చందా విషయంలో ఆ ఎడం పన్నెండు నెలలు. ఆ పన్నెండు నెలల కాలంలో సొమ్మును ఏమని పిలవాలన్నదే అసలు ప్రశ్న.

తెలుగు వ్యవహారానికి ఈ భేదం కొత్త కాదు. ఇల్లు కొనేవారు ముందుగా ఇచ్చే సొమ్మును ‘బయానా’ అంటారు. నిఘంటువులలో ‘సంచకరువు’ అనే మాట కూడా ఉంది. బయానా పుచ్చుకున్న వ్యక్తి ఇల్లు అమ్ముడైపోయిందని అనుకోడు, ఇల్లు అప్పగించే భారం తనపై పడిందని అనుకుంటాడు. గణకశాస్త్రం చందా విషయంలో చెప్పేది కూడా ఇదే.

2. బాధ్యత అనడానికి ఆధారం

అంతర్జాతీయ గణక ప్రమాణాల మండలి 2018లో సవరించిన భావనాత్మక చట్రం ప్రకారం బాధ్యత అంటే గతంలో జరిగిన సంఘటన వల్ల ఏర్పడి, ఆర్థిక వనరును ఇతరులకు బదిలీ చేయవలసిన ప్రస్తుత విధి. ఈ నిర్వచనంలోని మూడు అంశాలూ చందాకు సరిపోతాయి. గతంలో జరిగిన సంఘటన చందా పుచ్చుకోవడం. ప్రస్తుత విధి సంచికలు పంపవలసి ఉండటం. బదిలీ కావలసిన వనరు అచ్చయి తపాలాలో వెళ్లే ప్రతులు.

బాధ్యత అనగానే డబ్బు తిరిగి చెల్లించడమే గుర్తుకు రావడం సహజం. ‘అప్పు’ అనే తెలుగు మాటకు ఆ అర్థమే బలంగా ఉంది. కానీ నిర్వచనం డబ్బును మాత్రమే చెప్పలేదు, ఆర్థిక వనరు అన్నది. చందాదారుకు పత్రిక బాకీపడినది రూపాయలు కాదు, సంచికలు. అందువల్ల లయబిలిటీ అనే ఆంగ్ల పదానికి ‘అప్పు’ కంటే ‘బాధ్యత’ అన్న మాట ఇక్కడ ఎక్కువ సరిపోతుంది.

దీనిపై ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. ‘చెల్లించిన చందా తిరిగి ఇవ్వబడదు’ అన్న షరతు ముందే ప్రకటిస్తే బాధ్యత పోయినట్లే కదా అన్నది ఆ వాదం. ఆ షరతు తొలగించేది సొమ్ము వాపసు చేసే విధిని మాత్రమే. సంచికలు పంపే విధి అలాగే ఉంటుంది. ఆ విధి ఉన్నంతవరకు బాధ్యత కూడా ఉంటుంది. వాపసు షరతును చూసి మొత్తం చందాను మొదటి రోజే ఆదాయంగా రాసుకోవడం సరికాదు.

భారతదేశంలో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1985లో వెలువరించిన తొమ్మిదవ గణక ప్రమాణం ప్రచురణల చందాను పేరు పెట్టి ప్రస్తావించింది. అందిన చందాను వాయిదా వేసి, కాలం ప్రకారం సమానంగా ఆదాయంగా గుర్తించాలని, సంచికల విలువలో హెచ్చుతగ్గులుంటే అందజేసిన సంచిక విలువకు అనుపాతంగా గుర్తించాలని దాని సారాంశం. 2018 ఏప్రిల్ 1 నుండి పెద్ద కంపెనీలకు వర్తిస్తున్న ఇండ్ ఏఎస్ 115 ఇదే భావాన్ని మరో విధంగా చెబుతుంది. వాగ్దానం చేసిన వస్తువుపై అధికారం కొనుగోలుదారుకు చేరినప్పుడే ఆదాయం గుర్తించాలి. అంతవరకు అందిన సొమ్ము ‘ఒప్పంద బాధ్యత’. ఈ పేరులో ఆదాయం అన్న మాటే లేకపోవడం గమనించదగినది. ‘ముందుగా వచ్చిన ఆదాయం’ కలిగించే అయోమయానికి ఇందులో తావు లేదు.

3. ఒక మాసపత్రిక లెక్క

ఊహించిన ఒక మాసపత్రికను తీసుకుందాం. వార్షిక చందా 600 రూపాయలు, సంచికలు పన్నెండు. అంటే సంచికకు 50 రూపాయలు. 2024 జనవరి 1న 500 మంది చందా కట్టారు. వసూలైన మొత్తం 3,00,000 రూపాయలు. కాగితం, ముద్రణ, తపాలా కలిపి ఒక ప్రతికి అయ్యే ఖర్చు 40 రూపాయలు. పత్రిక ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది.

చందా వచ్చిన రోజు చిట్టాలో రాయవలసిన పద్దు ఇది:

నగదు ఖాతా (డెబిట్): రూ. 3,00,000
ముందస్తు చందాల ఖాతా (క్రెడిట్): రూ. 3,00,000

నగదు ఆస్తి కనుక అది పెరిగింది. అంతే మొత్తంలో బాధ్యత కూడా పెరిగింది. ఈ రోజున లాభంలో ఒక్క రూపాయి మార్పు లేదు. పత్రిక ఇంకా ఏ సంచికనూ పంపలేదు కనుక ఇది న్యాయమే.

జనవరి, ఫిబ్రవరి, మార్చి సంచికలు సకాలంలో వెళ్లాయి. ఒక్కొక్క నెలకు 500 ప్రతులు, ప్రతికి 50 రూపాయల చొప్పున 25,000 రూపాయలు ఆర్జితమయ్యాయి. మూడు నెలలకు కలిపి పద్దు ఇలా ఉంటుంది:

ముందస్తు చందాల ఖాతా (డెబిట్): రూ. 75,000
చందా ఆదాయం ఖాతా (క్రెడిట్): రూ. 75,000

ఈ రెండవ పద్దులో నగదు ప్రస్తావన లేదు. డబ్బు ఎప్పుడో వచ్చేసింది. ఇప్పుడు జరిగినది బాధ్యతలో ఒక భాగం తీరి ఆదాయంగా మారడం. మార్చి 31న ఆస్తి అప్పుల పట్టీలో ముందస్తు చందాల నిల్వ 2,25,000 రూపాయలు. కంపెనీల చట్టం 2013 మూడవ షెడ్యూలు ప్రకారం నివేదికలు తయారుచేసే సంస్థ అయితే, ఏడాదిలోపు తీరే ఈ మొత్తాన్ని ‘ఇతర ప్రస్తుత బాధ్యతలు’ కింద చూపుతుంది. తరువాతి తొమ్మిది నెలల్లో మిగిలిన సంచికలు వెళ్లిపోతే ఆ నిల్వ సున్నా అవుతుంది.

ఇదే చందాను మొదటి రోజే ఆదాయంగా రాసుకుంటే ఏమవుతుంది? రెండు పద్ధతుల ఫలితాలను పక్కపక్కన ఉంచితే తేడా స్పష్టమవుతుంది.

| వివరం | 2023–24 | 2024–25 | మొత్తం |
|---|---|---|---|
| పంపిన ప్రతుల ఖర్చు | 60,000 | 1,80,000 | 2,40,000 |
| సరైన పద్ధతిలో ఆదాయం | 75,000 | 2,25,000 | 3,00,000 |
| సరైన పద్ధతిలో లాభం | 15,000 | 45,000 | 60,000 |
| వసూలునే ఆదాయం అనుకుంటే లాభం | 2,40,000 | నష్టం 1,80,000 | 60,000 |

రెండేళ్ల మొత్తం లాభం ఏ పద్ధతిలోనైనా 60,000 రూపాయలే. తప్పు పద్ధతి డబ్బును సృష్టించదు, పోగొట్టదు; కాలాన్ని తారుమారు చేస్తుంది. కానీ నిర్ణయాలు జరిగేది ఆ కాలంలోనే. మార్చి 31న 2,40,000 రూపాయల లాభం కనబడితే సంపాదకవర్గం పేజీలు పెంచవచ్చు, కొత్త ఉద్యోగిని తీసుకోవచ్చు, పురస్కార సభ ఏర్పాటు చేయవచ్చు. ఆ లాభంలో 2,25,000 రూపాయలు ఇంకా పంపని సంచికలవి. ఏప్రిల్ నుండి 4,500 ప్రతులు పంపాలి. వాటికి 1,80,000 రూపాయలు కావాలి, కొత్త రాబడి మాత్రం లేదు. ‘నిరుడు అంత లాభం వచ్చిన పత్రిక ఈ ఏడు ఎందుకు నష్టపోయింది?’ అన్న ప్రశ్నకు జవాబు పాఠకుల ఆదరణలో దొరకదు, పద్దు రాసిన తీరులోనే ఉంటుంది.

4. బాధ్యత విలువ ఎంత?

మార్చి 31న పంపవలసిన ప్రతులు 4,500. వాటికయ్యే ఖర్చు 1,80,000 రూపాయలు. అలాంటప్పుడు బాధ్యతను 1,80,000 అని కాక 2,25,000 అని ఎందుకు చూపాలి? మిగిలిన 45,000 రూపాయలు లాభమే కదా?

అది లాభమే, కాని ఇంకా ఆర్జించని లాభం. ప్రతికి వచ్చే 10 రూపాయల మిగులు సంచికను సిద్ధపరచి పాఠకుడికి చేర్చినందుకు లభించే ప్రతిఫలం. చందా పుచ్చుకోవడం వల్లనే అది రాలేదు. పైగా ఆ 40 రూపాయల ఖర్చు అంచనా మాత్రమే. కాగితం ధర పెరిగితే అది మారుతుంది. చందాదారు ఇచ్చిన 50 రూపాయలు మాత్రం నికరమైన అంకె. అందుకే ఒప్పంద బాధ్యతను అందిన ప్రతిఫలంతో కొలుస్తారు, చేయబోయే ఖర్చుతో కాదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ప్రతి ఖర్చు 60 రూపాయలకు పెరిగిందనుకుందాం. 4,500 ప్రతులకు 2,70,000 రూపాయలు కావాలి. చేతికందిన ప్రతిఫలం 2,25,000 మాత్రమే. ఒప్పందం నుండి తప్పుకునే దారి ఇంతకంటే చవకగా లేనప్పుడు ఇది నష్టదాయక ఒప్పందం అవుతుంది. అప్పుడు లోటుగా ఉన్న 45,000 రూపాయలకు ఇండ్ ఏఎస్ 37 ప్రకారం అదనపు కేటాయింపు చేయాలి. ఆదాయం ఆర్జించేదాకా ఆగాలి కాని, తప్పదని తెలిసిన నష్టాన్ని ఆపి ఉంచకూడదు.

5. పొరపాట్లు జరిగే చోట్లు

పై ఉదాహరణలో అందరూ ఒకే రోజున చందా కట్టారు. వాస్తవంలో ఒకరు జూన్‌లో, మరొకరు నవంబరులో చేరతారు. ప్రతి చందాదారుకూ తనదైన పన్నెండు నెలలు ఉంటాయి. ఏడాది చివర మొత్తం వసూలులో సగం వాయిదా వేస్తే సరిపోతుందనుకోవడం అందువల్ల సరికాదు. చందాదారుల రిజిస్టరులో ప్రతి పేరు ఎదురుగా ఇంకా పంపవలసిన సంచికల సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యలన్నీ కూడి, ఒక్కొక్కరి సంచిక వెలతో గుణిస్తే వచ్చే మొత్తం, ఆవర్జాలోని ముందస్తు చందాల నిల్వతో సరిపోవాలి. సరిపోకపోతే రెండింటిలో ఒకటి తప్పు. రిజిస్టరు మొత్తం ఎక్కువగా ఉంటే, పత్రిక ఇంకా పంపని సంచికలకు ముందే ఆదాయం రాసుకున్నదని సాధారణంగా అర్థం.

రెండవ చోటు ఆగిపోయిన సంచికలు. నెలకు పన్నెండవ వంతు చొప్పున యాంత్రికంగా ఆదాయానికి మళ్లించే పద్ధతి సంచికలు క్రమం తప్పకుండా వెలువడినప్పుడు మాత్రమే నిజం చెబుతుంది. ఆగస్టు సంచిక రాకపోతే ఆగస్టు గడిచిపోయినా ఆదాయం లేదు. బాధ్యత అలాగే ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు కలిపి జంట సంచికగా తెచ్చినప్పుడు అది చందాలో రెండు సంచికలుగా లెక్కకు వస్తుందా, ఒకటిగానా అన్నది చందా షరతులను బట్టి తేలాలి. ఒకటిగా లెక్కించి చందా గడువును నెల పొడిగిస్తే ఆదాయం కూడా ఒక సంచికకే. రెట్టింపు వెల గల ప్రత్యేక సంచికను చందాలో భాగంగా పంపితే, దానికి ఆదాయంలో ఎక్కువ వాటా దక్కాలి.

మూడవ చోటు పునరుద్ధరణ నోటీసులు. ‘మీ చందా గడువు ముగుస్తున్నది’ అని 300 మందికి ఉత్తరాలు రాయగానే 1,80,000 రూపాయలు రావలసినవిగా, అంతే మొత్తం బాధ్యతగా రాసుకోకూడదు. పాఠకుడు ఇంకా అంగీకరించలేదు, చెల్లించలేదు. సొమ్ముపై పత్రికకు హక్కు లేదు, సంచికలపై పాఠకుడికీ హక్కు లేదు. అక్కడ ఉన్నది ఆశ మాత్రమే. ఆశకు పద్దు ఉండదు.

6. జీవిత చందా చిక్కు

సాహిత్య పత్రికలలో వార్షిక చందాతో పాటు జీవిత చందా కూడా వాడుకలో ఉంది. పై పత్రికే 200 మంది నుండి 5,000 రూపాయల చొప్పున 10,00,000 రూపాయలు జీవిత చందాగా వసూలు చేసిందనుకుందాం. ఒక చందాదారుకు ఏడాదికి పన్నెండు ప్రతులు, ఖర్చు 480 రూపాయలు. 5,000 రూపాయలతో పంపగలిగినవి 125 సంచికలు. అంటే పదేళ్ల అయిదు నెలలు. పత్రిక వాగ్దానం చేసినది జీవితకాలం. సొమ్ము చెల్లేది ఆ మేరకే.

ఆ సొమ్మును కదపకుండా ఏడు శాతం వడ్డీకి ఉంచితే మొదటి ఏడు 350 రూపాయలు వడ్డీ వస్తుంది. మిగిలిన 130 రూపాయలు అసలు నుండి తీయాలి. ఖర్చులు పెరగకుండా ఉంటే ఈ విధంగా సుమారు 19 ఏళ్లు నెట్టుకురావచ్చు. వసూలైన ఏడాదిలోనే మొత్తాన్ని ఆదాయంగా చూపి ఖర్చు చేస్తే వడ్డీ ఉండదు, అసలూ ఉండదు. 200 ప్రతులు మాత్రం ప్రతి నెలా పంపుతూ ఉండాలి. ఆ ఖర్చును కొత్త చందాదారులు భరించాలి. కొత్తవారు రావడం తగ్గిన రోజున పత్రిక ఆగుతుంది.

లెక్కలో దీనికి దారి ‘జీవితం’ అన్నదాన్ని సంవత్సరాలలోకి మార్చడం. కొన్ని పత్రికలు జీవిత చందా అంటే ఇన్ని సంవత్సరాలని ముందే ప్రకటిస్తాయి. అలా ప్రకటించనప్పుడు సేవ అందించవలసిన కాలాన్ని సహేతుకంగా అంచనా వేయాలి. ఇరవై ఏళ్లని అంచనా వేస్తే ఏడాదికి 50,000 రూపాయలు చందా ఆదాయం. మొదటి ఏడాది చివర 9,50,000 రూపాయలు బాధ్యతగా మిగులుతుంది. అందులో వచ్చే ఏడాది తీరే 50,000 ప్రస్తుత బాధ్యత; తక్కినది దీర్ఘకాలిక బాధ్యత. వ్యవధి ఇంత దీర్ఘమైనప్పుడు, సొమ్ము ముందే వాడుకోవడంలోని వడ్డీ అంశాన్ని కూడా ఇండ్ ఏఎస్ 115 పరిగణించమంటుంది. సులభత కోసం ఆ లెక్కను ఇక్కడ వదిలివేయడమైనది. ఏడాదికి 50,000 ఆదాయానికి ఎదురుగా 96,000 రూపాయల ఖర్చు కనిపిస్తుంది. జీవిత చందా వెల తక్కువగా నిర్ణయించారన్న సంగతి మొదటి ఏడాదే బయటపడుతుంది.

7. నమోదు రక్షణ కాదు

బాధ్యతగా రాసినంత మాత్రాన సొమ్ము భద్రంగా ఉన్నట్లు కాదు. పద్దు నిజం చెబుతుంది, డబ్బును పెట్టెలో దాచదు. ముందస్తు చందాల నిల్వ 2,25,000 ఉండి బ్యాంకులో 20,000 రూపాయలు మాత్రమే ఉన్న పత్రిక లెక్కలు నియమబద్ధంగానే ఉండవచ్చు. అయితే ఆ రెండు అంకెలను పక్కపక్కన చూసిన పాఠకుడికి సంగతి తెలుస్తుంది. వసూలును ఆదాయంగా రాసిన లెక్కలలో మొదటి అంకే ఉండదు కనుక తెలిసే అవకాశం లేదు. నగదు వచ్చినప్పుడు రాబడి, పోయినప్పుడు ఖర్చు అని మాత్రమే రాసుకునే పద్ధతిలో నడిచే చిన్న పత్రికల స్థితి ఇదే. అవి కనీసం పంపవలసిన ప్రతుల పట్టికను విడిగా ఉంచుకోవడం అవసరం.

ముందుగా చెల్లించినవారు ఋణదాతలేనన్నది సంస్థ కూలినప్పుడు స్పష్టమవుతుంది. గ్రంథాలయాల తరఫున పత్రికల చందాలు కట్టే ఏజెన్సీగా ప్రసిద్ధి పొందిన నెదర్లాండ్స్ సంస్థ స్వెట్స్ 2014 సెప్టెంబరులో దివాలా తీసింది. చందాల కోసం ఆ సంస్థకు ముందే సొమ్ము చెల్లించి, అది ప్రచురణకర్తలకు చేరని గ్రంథాలయాలు హామీ లేని ఋణదాతల వరుసలో నిలబడవలసి వచ్చింది. తాము పత్రికలు కొన్నామని అవి అనుకున్నాయి. నిజానికి అవి అప్పటికి ఒక సంస్థకు అరువిచ్చి ఉన్నాయి. కళాశాల గ్రంథాలయం ఏటా ముందుగా చందాలు కట్టే ప్రతిచోటా ఈ సంబంధమే ఉంటుంది.

8. ముగింపు

ముందస్తు చందాను బాధ్యతగా రాయడం అతిజాగ్రత్త వల్ల వచ్చిన ఆచారం కాదు. సొమ్ము ఒక చేతి నుండి మరో చేతికి మారినా, దానికి బదులుగా రావలసినది ఇంకా రాలేదన్న వాస్తవాన్ని ఆ పద్దు నమోదు చేస్తుంది. ప్రతి సంచిక తపాలాలో పడినప్పుడు బాధ్యత సంచిక వెల మేరకు తగ్గి, అంతే ఆదాయం పుడుతుంది. సంచిక ఆగితే ఆదాయం కూడా ఆగుతుంది. ఒక పత్రిక తన పాఠకులకు ఇంకా ఎన్ని ప్రతులు బాకీ ఉన్నదో, ఆ బాకీ తీర్చే సొమ్ము తనవద్ద ఉన్నదో లేదో తెలుసుకోగల చోటు లాభనష్టాల ఖాతా కాదు. ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపున్న ఆ ఒక్క పద్దు, దానికెదురుగా ఉన్న బ్యాంకు నిల్వ కలిసి ఆ సంగతి చెబుతాయి.